ధన్యవాదం, అభ్యర్థన ఒకే మెయిల్‌లో రాయవలసి వస్తే

ప్రశ్న: నా పరిశోధన ప్రతిపాదనను మా పాత ప్రొఫెసర్ గారు ఓపికగా చదివి, దిద్ది ఇచ్చారు. నెల కిందట నాకు సీటు వచ్చింది. ఆయనకు ఇంకా సరిగా ధన్యవాదాలు చెప్పలేదు. ఇప్పుడు అదే కోర్సుకు స్కాలర్‌షిప్ కోసం ఆయన సిఫార్సు లేఖ కావాలి, గడువు ఇంకా మూడు వారాలుంది. ముందు ధన్యవాదాలు చెప్పి తరువాత అడిగితే కాకా పట్టినట్టు ఉంటుందేమో, ముందు అడిగితే ధన్యవాదం మొక్కుబడిగా ఉంటుందేమో అనిపిస్తోంది. నేను రాసుకున్నది ఇది: “సర్, మీరు చేసిన సహాయం జన్మలో మరువలేనిది. మీలాంటి గురువు దొరకడం నా అదృష్టం. మీ వల్లే నాకు సీటు వచ్చింది. అన్నట్టు సర్, ఇంకొక చిన్న సహాయం కావాలి...” దీన్ని ఎలా మార్చాలి?

సమాధానం:

నేను చాలాకాలంగా సిఫార్సు లేఖలు రాసిచ్చే వైపు ఉన్నవాడిని. అందుచేత మీరు రాసుకున్న మెయిల్‌ను అవతలి వ్యక్తి ఎలా చదువుతారో ముందుగా చెబుతాను. మొదటి మూడు వాక్యాలు చదివేటప్పుడు ఆయనకు నిజంగానే సంతోషం కలుగుతుంది. “అన్నట్టు సర్” దగ్గరికి రాగానే ఆయన చూపు తనకు తెలియకుండానే వెనక్కి వెళ్లి ఆ మూడు వాక్యాలను మళ్లీ చదువుతుంది. రెండోసారి చదివినప్పుడు అవి కృతజ్ఞతగా కనిపించవు, అడగడానికి వేసుకున్న దారిగా కనిపిస్తాయి. మీ మనసులో కపటం లేకపోవచ్చు. అయినా సంతోషపడిన మరుక్షణంలో తాను తొందరపడి సంతోషపడ్డానని ఆయనకు అనిపించిందంటే, ఆ చిన్నబోవడానికి కారణం మీరు కాదని ఆయనకు నచ్చజెప్పడం కష్టం.

అంటే ఇక్కడ చెడుతున్నది ధన్యవాదం ముందు రావడం వల్ల కాదు. ధన్యవాదం చదువుతున్నంతసేపూ అభ్యర్థన ఉన్న సంగతి ఆయనకు తెలియకపోవడం వల్ల చెడుతున్నది. ఆ సంగతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతే, తరువాత ఏది ముందు వచ్చినా ఆయన వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవలసిన అవసరం ఉండదు. కాబట్టి మెయిల్ విషయ పంక్తిలోనూ, నమస్కారం తరువాతి తొలి వాక్యంలోనూ రెండు పనులనూ పేరు పెట్టి చెప్పండి. “రెండు విషయాల కోసం రాస్తున్నాను: మీరు దిద్దిన ప్రతిపాదన ఏమైందో చెప్పడానికి, ఒక సిఫార్సు లేఖ అడగడానికి” అన్న వాక్యం చూడటానికి పొడిగా ఉంటుంది. ఆ పొడితనమే మీకు మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ తరువాత మీరు చెప్పే ధన్యవాదం వెనుక ఏముందోనని ఆయన వెతకరు. వెనుక ఉన్నది ముందే బయట పెట్టారు కదా. విషయ పంక్తిలో “ధన్యవాదాలు” అని మాత్రమే రాసి లోపల అభ్యర్థన పెట్టడం, మీరు ఇప్పుడు రాసుకున్నదానికంటే పెద్ద పొరపాటు అవుతుంది.

ఈ మాట చెప్పగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది: రెండూ విడివిడిగా పంపితే పోదా? ఈ రోజు ధన్యవాదాలు చెప్పి, మూడు రోజులు ఆగి లేఖ అడిగితే మర్యాదగా ఉండదా? ఉండదు. మొదటి మెయిల్ పంపేటప్పటికే మీకు లేఖ అవసరమని తెలుసు, ఆ సంగతి దాచి పంపారు. రెండో మెయిల్‌లో గడువు తేదీ చూడగానే ఆయనకు ఆ లెక్క తెలిసిపోతుంది. ఒకే మెయిల్‌లో ఉన్న అనుమానం ఒక నిమిషం ఉంటే, విడదీసిన మెయిళ్లు పుట్టించే అనుమానం ఎక్కువకాలం ఉంటుంది, ఎందుకంటే అందులో పథకం కనిపిస్తుంది. విడదీయడం మంచిదయ్యేది ఒక్క పరిస్థితిలోనే: ధన్యవాదం చెప్పేనాటికి అభ్యర్థన ఇంకా పుట్టి ఉండకూడదు. సీటు వచ్చిన వారంలోనే మీరు రెండు వాక్యాలు రాసి ఉంటే ఇప్పుడు లేఖ మాత్రమే అడిగి ఊరుకోవచ్చు, దానికి ఏ అలంకారమూ అక్కరలేదు. ఆ అవకాశం ఇప్పుడు లేదు. పైగా లేఖ రాసే వ్యక్తికి కనీసం రెండు వారాలైనా ఇవ్వాలి కాబట్టి, మూడు వారాల గడువులో వేచి చూడటానికి మీకు సమయమూ లేదు. ఒకే మెయిల్ రాయండి.

నెల ఆలస్యమైందన్న బెరుకు మీ ప్రశ్నలో కనిపిస్తోంది, దాని గురించి ఒక మాట చెబుతాను. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కృతజ్ఞతా లేఖలు రాసినవారు అందుకున్నవారికి కలిగే ఇబ్బందిని ఎక్కువగానూ, కలిగే సంతోషాన్ని తక్కువగానూ ఊహించుకున్నారని తేలింది. అయితే ఆ లేఖల్లో కోరికలేవీ లేవన్నది గుర్తుంచుకోవాలి. ఆలస్యమైన ధన్యవాదం వింతగా ఉంటుందన్న మీ భయం అక్కరలేదని చెప్పడానికి మాత్రమే ఆ ఫలితం పనికి వస్తుంది. పక్కన అభ్యర్థన ఉన్నా ఏమీ కాదని దాని ఆధారంగా అనుకోకూడదు. ఆలస్యాన్ని ఒక్క వాక్యంలో ఒప్పుకుని ముందుకు సాగండి. కారణాలు చెప్పడం మొదలుపెడితే ధన్యవాదం సంజాయిషీగా మారిపోతుంది, ఆయన మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది.

ఇక మెయిల్ లోపల ఏది ముందు ఉండాలన్న ప్రశ్న. మీ విషయంలో ధన్యవాదమే ముందు రావాలి, దానికి కారణం మర్యాద ఒక్కటే కాదు. సీటు వచ్చిందన్న వార్త తెలియకపోతే స్కాలర్‌షిప్ అభ్యర్థన ఆయనకు అర్థం కాదు. ముందు జరిగింది ముందు చెబుతున్నారు కాబట్టి ఆ వరుస సహజంగా ఉంటుంది. రెండు సందర్భాల్లో మాత్రం నేను వరుస తిప్పి రాయమంటాను. గడువు మరీ దగ్గరపడి, రెండు మూడు రోజుల్లో జవాబు కావలసినప్పుడు అభ్యర్థన ముందుండాలి, ఎందుకంటే తీరిక లేని మనిషి మొదటి పేరా చదివి మిగిలింది తరువాతకు వాయిదా వేయవచ్చు. అలాగే పాత సహాయానికీ కొత్త అభ్యర్థనకూ ఏ సంబంధమూ లేనప్పుడు అడగవలసింది ముందు అడిగి, చివర “దీనితో సంబంధం లేని మాట ఒకటి” అని వేరుగా ధన్యవాదం చెప్పడం శుభ్రంగా ఉంటుంది. అప్పుడు ధన్యవాదం అభ్యర్థన తరువాత వస్తుంది కాబట్టి దానికి ఎర వేసినట్టు ఉండే అవకాశమే లేదు. మొక్కుబడిగా ఉంటుందన్న మీ భయం అది ముందుందా వెనకుందా అన్నదాని మీద కాక, అందులో ఏముందన్నదాని మీద ఆధారపడుతుంది.

అందులో ఏముండాలన్నదే ఈ మెయిల్‌లో కష్టమైన భాగం. మీ ముసాయిదాలో “జన్మలో మరువలేనిది”, “మీలాంటి గురువు”, “నా అదృష్టం” అన్న మాటలున్నాయి, ఆయన చేసిన పని మాత్రం ఎక్కడా లేదు. ఈ వాక్యాలను ఎవరికైనా, దేనికైనా పంపవచ్చు. అందుకే పక్కన అభ్యర్థన చేరగానే అవి పొగడ్తగా మారిపోతాయి. ఆయన ఏ పేజీలో ఏమి మార్చమన్నారు, ఆ మార్పు తరువాత ఏమి జరిగింది అన్నవి మీకూ ఆయనకూ మాత్రమే తెలుసు. ఆ రెండు వివరాలు రాస్తే ధన్యవాదం తనంతట తాను నిలబడుతుంది, ఎందుకంటే లేఖ అవసరం లేకపోయినా ఆయన తెలుసుకోగోరే వార్త అది. దిద్ది ఇచ్చిన కాగితం తరువాత ఏమైందో తెలియకుండా ఉండిపోవడం మా వైపు ఉన్నవాళ్లకు చాలా మామూలు, అందువల్ల ఆ ఒక్క కబురుకు మీరు ఊహించేకంటే ఎక్కువ విలువ ఉంటుంది.

కొలత కూడా చూసుకోవాలి. ఆయన ఒక సాయంత్రం కూర్చుని చదివి దిద్దారు. దానికి తగిన ధన్యవాదం నాలుగైదు వాక్యాలు. చేసిన సహాయాన్ని మించి ధన్యవాదం పెరిగితే, మిగిలిన భాగం రాబోయే సహాయానికి ముందస్తు చెల్లింపుగా కనిపిస్తుంది. “మీ వల్లే నాకు సీటు వచ్చింది” అన్న వాక్యాన్ని ఇందుకే తీసేయమంటున్నాను. అది నిజం కాదని ఆయనకు తెలుసు, చదివింది మీరు, రాసింది మీరు. పైగా ఆ మాట ఆయన మీద ఒక బాధ్యత పెడుతుంది: సీటు తన వల్ల వచ్చిందంటే స్కాలర్‌షిప్ కూడా తన వల్లే రావాలి, రాకపోతే తనవల్లే రాలేదు. అటువంటి బరువు వేసి లేఖ అడగడం ఆయనకు అన్యాయం చేయడమే.

ధన్యవాదం పూర్తిగా గతానికే చెందాలి. మీరు రాసింది సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. అభ్యర్థన ఉన్న పేరాను వేలితో మూసి, మిగిలిన మెయిల్‌ను చదవండి. అది అలాగే పంపించదగిన ఉత్తరంగా ఉంటే ధన్యవాదం సరిగా ఉంది. ఏదో వాక్యం గాలిలో వేలాడుతున్నట్టుంటే, ఆ వాక్యం ధన్యవాదం కోసం రాసింది కాదు. “మీరు ఎప్పుడూ కాదనలేదు”, “మీరున్నారన్న ధైర్యంతో”, “ఆ చొరవతోనే అడుగుతున్నాను” వంటివి ఈ పరీక్షలో వెంటనే బయటపడతాయి. వీటిలో ప్రతిదీ గతంలో చేసిన మేలును ఇప్పుడు చేయవలసినదానికి కారణంగా చూపిస్తుంది. ఒకసారి సహాయం చేసినందుకు మరోసారి చేయక తప్పదని వినవలసి రావడం ఎవరికీ రుచించదు. ఆ తరువాత ధన్యవాదాన్ని మూసి అభ్యర్థనను మాత్రం చదవండి, అది కూడా ఒంటరిగా నిలబడాలి.

రెండింటి మధ్య వంతెన కట్టకండి. “అన్నట్టు”, “పనిలో పనిగా”, “ఈ సందర్భంగా” అన్నవన్నీ అభ్యర్థన ఇప్పుడే గుర్తొచ్చినట్టు నటించే మాటలు, గడువు తేదీ ఉన్న అభ్యర్థన ఎవరికీ ఇప్పుడే గుర్తురాదు. “చిన్న సహాయం” అన్న మాటకూ అదే గతి. లేఖ రాయడానికి ఎంత సమయం పడుతుందో ఆయనకు మీకంటే బాగా తెలుసు, దాన్ని చిన్నదనడం ఆయన శ్రమను తగ్గించి చూపడమే అవుతుంది. కొత్త పేరా మొదలుపెట్టి “ఇక నా అభ్యర్థన” అనండి, సరిపోతుంది.

అభ్యర్థన పేరాలో ఆయన నిర్ణయించుకోవడానికి కావలసినవన్నీ ఉండాలి: లేఖ దేనికి, ఎంత నిడివి, ఎవరికి ఎలా పంపాలి, ఎప్పటిలోగా, ఆయననే ఎందుకు అడుగుతున్నారు, మీరు ఏమేమి జతచేస్తున్నారు. “ఆయననే ఎందుకు” అన్నదానికి జవాబు ఆయన మంచితనం కాకూడదు. నా ప్రతిపాదన మొదటి ప్రతినీ తుది ప్రతినీ రెండింటినీ చూసినవారు మీరొక్కరే అన్నది సరైన జవాబు, ఎందుకంటే లేఖలో ఆయన రాయగలిగే సాక్ష్యం అదే. చూశారా, పాత సహాయానికీ కొత్త అభ్యర్థనకూ న్యాయమైన సంబంధం ఇక్కడ దొరికింది. మీరు ఆయనకు రుణపడి ఉండటం ఆ సంబంధం కాదు, ఆయన మీ పనిని దగ్గరగా చూసి ఉండటం ఆ సంబంధం.

కాదనడానికి ఆయనకు దారి ఉంచడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నికొలా గెగెన్, అలెగ్జాండ్ర్ పాస్కువల్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగంలో, అపరిచితులను బస్సు ఛార్జీకి చిల్లర అడిగారు. మామూలుగా అడిగినప్పుడు నూటికి 10 మంది ఇచ్చారు, “ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం” అన్న మాట చేర్చినప్పుడు 47 మందికి పైగా ఇచ్చారు. ఈ ఫలితం తెలిసినవాళ్లు ఆ మాటను మంత్రంలా వాడటం మొదలుపెట్టారు, అక్కడే అది మళ్లీ ఎత్తుగడ అయిపోతుంది. గురువుకు “మీ ఇష్టం సర్, బలవంతం లేదు” అని రాసినంత మాత్రాన ఆయనకు స్వేచ్ఛ రాదు, ఎందుకంటే తాను కాదంటే మీ గతి ఏమిటో ఆయనకు తెలియదు. తెలిస్తేనే కాదనగలరు. కాబట్టి ఆయన కాదంటే మీరు ఎవరిని అడుగుతారో, అందుకు ఏ తేదీలోగా తెలియాలో రాయండి. అటువంటి రెండో మనిషి నిజంగా ఉండాలి, లేకపోతే మెయిల్ పంపే ముందే వెతుక్కోండి.

ఇవన్నీ కలిపి రాస్తే మీ మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది. వివరాలు నేను ఊహించి పెట్టినవి, వాటి స్థానంలో మీవి పెట్టుకోండి. ఈ నెల 7న పంపుతున్నారనీ, గడువు 28 అనీ అనుకున్నాను.

విషయం: సీటు వచ్చింది, ధన్యవాదాలు, స్కాలర్‌షిప్ సిఫార్సు లేఖ కోసం అభ్యర్థన

సర్, నమస్కారం.

రెండు విషయాల కోసం రాస్తున్నాను: మీరు దిద్దిన ప్రతిపాదన ఏమైందో చెప్పడానికి, స్కాలర్‌షిప్ కోసం ఒక సిఫార్సు లేఖ అడగడానికి.

నాకు సీటు వచ్చింది. ఈ మాట నెల కిందటే మీకు చెప్పి ఉండవలసింది, ఆలస్యం చేసినందుకు క్షమించండి. నా మొదటి ప్రతిలో మూడు పరిశోధన ప్రశ్నలుంటే, రెండింటిని తీసేసి ఒక్కదాన్నే లోతుగా రాయమన్నారు. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు ఆ ఒక్క ప్రశ్న మీదే చర్చ జరిగింది, దాని పరిధి స్పష్టంగా ఉందని ఒక సభ్యులు అన్నారు కూడా. మొదటి ప్రతితో వెళ్లి ఉంటే ఆ చర్చలో నేను తడబడేదాన్ని. మీరు అంత శ్రద్ధగా చదివినందుకు ధన్యవాదాలు.

ఇక నా అభ్యర్థన. ఇదే కోర్సుకు స్కాలర్‌షిప్ కోసం దరఖాస్తు చేస్తున్నాను. దానికి నా పరిశోధన పని తెలిసిన అధ్యాపకుల నుంచి ఒక పేజీ లేఖ కావాలి. ప్రతిపాదన మొదటి ప్రతినీ, తుది ప్రతినీ చూసినవారు మీరొక్కరే కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. లేఖను వారి వెబ్‌సైట్‌లో మీరే నేరుగా సమర్పించాలి, గడువు ఈ నెల 28. తుది ప్రతి, మార్కుల జాబితా, లేఖలో వారు చూసే అంశాల పత్రం జతచేశాను.

మీకు ఇప్పుడు వీలు కాకపోతే, నా ప్రాజెక్టును పర్యవేక్షించిన మేడమ్ గారిని అడగగలను. వారికి కూడా సమయం ఉండాలి కాబట్టి, అవునో కాదో 14వ తేదీలోగా ఒక్క మాట తెలియజేస్తే చాలు.

నమస్కారాలతో,

ఇందులో చివర మళ్లీ ధన్యవాదం లేదని గమనించండి. “ముందుగానే ధన్యవాదాలు” అని ముగించడం అలవాటుగా వస్తుంది, ఈ మెయిల్‌లో మాత్రం అది రెండు విధాలుగా చెరుపు చేస్తుంది. ఆయన ఒప్పుకోకముందే ఒప్పుకున్నట్టు లెక్కవేస్తుంది, పైన నిజంగా చెప్పిన ధన్యవాదాన్ని కూడా అదే కోవలోకి లాగుతుంది. ముగింపు అభ్యర్థనతోనే ఆగాలి. కొందరికి ఇది మొరటుగా తోస్తుంది, నాకు మాత్రం ఇదే మర్యాదగా ఉంటుంది.

ఇదంతా అభ్యర్థన పాత సహాయంతో దాదాపు సమానమైన బరువుతో ఉన్నప్పుడు పనిచేసే పద్ధతి. ఆయన దిద్దింది నాలుగు పేజీలైతే, మీరు ఇప్పుడు అడుగుతున్నది డబ్బు సర్దుబాటో, ఉద్యోగానికి మాట సహాయమో అయితే, ఏ వరుసలో రాసినా ఆ తేడా కనిపిస్తూనే ఉంటుంది. అటువంటప్పుడు ధన్యవాదం మెయిల్‌లో చెప్పి, “ఒక విషయంలో మీ సలహా అడగాలనుంది, పది నిమిషాలు ఎప్పుడు ఫోన్ చేయమంటారు” అని అందులోనే చెప్పి, అసలు అభ్యర్థనను మాటల్లో చెప్పడం మేలు. అప్పుడు కూడా అడగబోయేది సలహా కాక సహాయమే అయితే, దాన్ని సహాయమనే రాయాలి. ఫోన్‌లో సందేశంగా పంపుతుంటే తెర మీద మొదటి రెండు పంక్తులే కనిపిస్తాయి కాబట్టి, రెండు విషయాలున్నాయన్న వాక్యం నమస్కారం పక్కనే ఉండేలా చూసుకోండి. ధన్యవాదం ఒక సందేశంగా, అభ్యర్థన మరొక సందేశంగా వెంటవెంటనే పంపకండి, మొదటిది చదివి ఆయన సంతోషంగా జవాబు టైపు చేస్తుండగా రెండోది వచ్చి పడుతుంది.

14వ తేదీ వరకు జవాబు రాకపోతే మరుసటి రోజు గుర్తుచేయవచ్చు. ఆ మెయిల్‌లో లేఖ మాట తప్ప మరేమీ ఉండకూడదు. సీటు గురించీ, ఆయన దిద్దిన ప్రశ్న గురించీ మళ్లీ ఎత్తితే, మొదటి మెయిల్‌లో మీరు జాగ్రత్తగా వేరుచేసినవి మళ్లీ కలిసిపోతాయి. రెండు వాక్యాలు చాలు, అప్పటికి రెండో వ్యక్తిని అడగడం మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి కూడా అందులోనే చెప్పండి. ఆయన వీలుకాదంటే, చెప్పినందుకు అదే రోజు ఒక వాక్యంలో జవాబివ్వండి. ఒప్పుకుని రాసిస్తే, ఫలితం వచ్చిన రోజున, అది ఏదైనా సరే, మరే అభ్యర్థనా లేకుండా ఆయనకు తెలియజేయండి.